పాత ఫ్రేములో వెతుకులాట

2000 అటూ ఇటూగా మన ఇళ్లలోకి వీసీడీ ప్లేయర్లు వచ్చాయి. ఒక్కో డిస్కులో 74 నిమిషాల బొమ్మ పట్టేది కాబట్టి రెండున్నర గంటల తెలుగు సినిమా కొంటే కవరులో రెండో మూడో డిస్కులు ఉండేవి. మాటల సీన్లు శుభ్రంగా వచ్చేవి. ఫైటు మొదలైతేనో, పాటలో కెమెరా గిర్రున తిరిగితేనో తెర మీద బొమ్మ చదరపు గళ్లుగా విడిపోయినట్టు కనిపించేది. డిస్కు మీద గీతలు పడ్డాయనుకుని తుడిచి మళ్లీ పెట్టేవాళ్లం. కొన్నిసార్లు గీతలే కారణం. కానీ గీతే లేని కొత్త డిస్కులో కూడా సరిగ్గా అదే సీనులో, అదే చోట గళ్లు వస్తున్నాయంటే తప్పు గీతలది కాదు. ఆ సినిమాను డిస్కులోకి కుదించిన రోజున జరిగిన ఒక వెతుకులాట అక్కడ విఫలమైందన్నమాట.

ఆ వెతుకులాట పేరు బ్లాక్ మ్యాచింగ్. ఇవాళ ఫోనులో చూసే వీడియో వెనక కూడా అదే పని నడుస్తోంది. అంకెలు చిన్నవి కాబట్టి వీసీడీతోనే దాన్ని అర్థం చేసుకోవడం తేలిక.

మన దేశంలో వాడిన పాల్ పద్ధతి వీసీడీలో ఒక్కో ఫ్రేము వెడల్పు 352 చుక్కలు, ఎత్తు 288 చుక్కలు. సెకనుకు 25 ఫ్రేములు. చుక్క అంటే పిక్సెల్. రంగుల సమాచారాన్ని నాలుగో వంతుకు తగ్గించి రాసుకున్నా సెకనుకు సుమారు 3 కోట్ల 4 లక్షల బిట్లు అవుతాయి. వీసీడీలో బొమ్మకు కేటాయించింది సెకనుకు దాదాపు 11 లక్షల 50 వేల బిట్లే. అంటే ఇరవై ఆరో వంతులో సర్దాలి.

ఇది సాధ్యం కావడానికి ఒక పెద్ద కారణం ఉంది. సెకనులో ఇరవై ఐదో వంతు కాలంలో లోకం పెద్దగా మారదు. ఈ ఫ్రేములో ఉన్నదంతా దాదాపుగా వెనకటి ఫ్రేములో ఉన్నదే, కాస్త పక్కకు జరిగి ఉంటుంది. కాబట్టి మళ్లీ మొదటి నుంచి బొమ్మ గీయకుండా, ‘వెనకటి ఫ్రేములో ఫలానా చోట ఉన్న ముక్కను తెచ్చి ఇక్కడ పెట్టు’ అని చెబితే చాలు. అందుకోసం ఫ్రేమును 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు ఉన్న బ్లాకులుగా కోస్తారు. అడ్డంగా 22, నిలువుగా 18, మొత్తం 396 బ్లాకులు. ప్రతి బ్లాకుకూ ఒకటే ప్రశ్న: ఇది ఇంతకుముందు ఎక్కడుంది? జవాబు రెండు అంకెలు. అడ్డంగా ఎంత జరిగింది, నిలువుగా ఎంత జరిగింది. ఈ జంటనే మోషన్ వెక్టర్ అంటారు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. యంత్రానికి హీరో తెలియదు, కారు తెలియదు. దాని చేతిలో ఉన్నవి 256 చుక్కల వెలుతురు అంకెలు, అంతే. సున్నా అంటే కటిక నలుపు, 255 అంటే తెలుపు. రెండు ముక్కలు ఒకటేనా అని తేల్చడానికి ఆ అంకెలే ఆధారం.

ఎలా తేలుస్తారో చూడటానికి 256 చుక్కలు అక్కర్లేదు, నాలుగు చాలు. కొత్త ఫ్రేములో ఒక వరసలో నాలుగు చుక్కల ముక్క ఉందనుకుందాం. అంకెలు 50, 120, 122, 60. చీకటి గోడ మీద ఒక వెలుగు గీత లాంటిది. వెనకటి ఫ్రేములో అదే వరసలో పది చుక్కలు ఇలా ఉన్నాయి: 48, 51, 118, 121, 62, 55, 54, 53, 52, 50. మన ముక్క ఇప్పుడున్న చోటు నాలుగు నుంచి ఏడో చుక్క వరకు.

మొదట అదే చోట పోల్చి చూద్దాం. పాత ఫ్రేములో అక్కడ 121, 62, 55, 54 ఉన్నాయి. ఒక్కో చుక్కకూ తేడా తీసి, ప్లస్సో మైనస్సో పట్టించుకోకుండా కూడాలి. 71, 58, 67, 6. మొత్తం 202. ఒక చుక్క ఎడమకు జరిపి చూస్తే 118, 121, 62, 55 వస్తాయి. తేడాల మొత్తం 134. మరో చుక్క ఎడమకు జరిపితే 51, 118, 121, 62. తేడాలు 1, 2, 1, 2. మొత్తం 6. ఇంకొక్కటి జరిపితే మళ్లీ 136కి ఎగబాకుతుంది. కాబట్టి ముక్క రెండు చుక్కల ఎడమ నుంచి ఇక్కడికి వచ్చిందని తేలింది. ఇక డిస్కులో రాయాల్సింది ‘రెండు చుక్కలు ఎడమ’ అన్న వెక్టరు, మిగిలిన చిల్లర తేడాలు -1, 2, 1, -2. పెద్ద అంకెలు నాలుగు పోయి చిన్న అంకెలు నాలుగు మిగిలాయి. చిన్న అంకెలకు బిట్లు తక్కువ పడతాయి. కుదింపులో లాభం ఇక్కడే ఉంది.

ఈ తేడాల మొత్తాన్ని ఈ రంగంలో వాళ్లు సాడ్ అంటారు. తేడాలను వర్గం చేసి కూడే పద్ధతి కూడా ఉంది. కానీ అందులో ప్రతి చుక్కకూ ఒక గుణకారం పడుతుంది. సాడ్‌కు తీసివేత, కూడిక చాలు. లెక్క కోట్లలోకి వెళ్లేచోట ఆ తేడా చిన్నది కాదు, అందుకే సాడ్ నిలబడింది.

ఇప్పుడు ఎంత దూరం వెతకాలన్న ప్రశ్న. ఫ్రేము మొత్తం వెతకడం దండగ. బ్లాకు ఉన్న చోటు చుట్టూ కొంత మేర గిరి గీసుకుని అందులోనే వెతుకుతారు. దాన్నే సెర్చ్ విండో అంటారు. తరచుగా కనిపించే కొలత అన్ని వైపులా 7 చుక్కలు. అది చాలుతుందా అంటే, తెర ఒక చివర నుంచి మరో చివరకు రెండు సెకన్లలో నడిచే మనిషిని ఊహించండి. 352 చుక్కలను 50 ఫ్రేములతో భాగిస్తే ఫ్రేముకు 7 చుక్కలు. అంటే ఆ మనిషి విండోకు సరిగ్గా అంచులో ఉన్నాడు. అదే దూరాన్ని సెకనులో దాటే సైకిలు ఫ్రేముకు 14 చుక్కలు కదులుతుంది. 7 చుక్కల విండోలో ఆ సైకిలు దొరకనే దొరకదు. ఫైటులో విసిరిన చెయ్యి సంగతి చెప్పనక్కర్లేదు.

మరి విండోను పెంచేస్తే పోలేదా? అడ్డంకి లెక్కల సంఖ్య. అన్ని వైపులా 7 చుక్కలంటే అడ్డంగా 15 చోట్లు, నిలువుగా 15 చోట్లు, మొత్తం 225 చోట్లు. ప్రతి చోటా 256 తీసివేతలు, 256 సార్లు గుర్తు తీసేయడం, దాదాపు 256 కూడికలు. ఒక్క చోటుకు 768 లెక్కలు. విండో కొలతను p అంటే సెకనుకు పడే మొత్తం పని ఇది:

```
(2p+1)² × 768 × 396 × 25
```

p స్థానంలో 7 పెడితే 171 కోట్లు దాటుతుంది. సైకిలు కోసం 15 పెడితే చోట్లు 961 అవుతాయి, పని 730 కోట్లు. విండో రెట్టింపయితే పని నాలుగింతలు పైగా పెరిగింది. అంచుల్లో ఉన్న బ్లాకులకు విండో కొంత తెగిపోతుంది కాబట్టి అసలు సంఖ్య దీనికి కాస్త తక్కువే ఉంటుంది. అయినా స్థాయి మాత్రం ఇదే.

ఈ సంఖ్య బరువు తెలియాలంటే ఆనాటి యంత్రం పక్కన పెట్టి చూడాలి. వీసీడీలకు ఆధారమైన ఎంపెగ్-1 ప్రమాణం 1993లో వెలువడింది. ఇంటెల్ పెంటియమ్ కూడా అదే ఏడాది వచ్చింది, వేగం 66 మెగాహెర్ట్జ్. క్లాక్ సైకిల్‌కు ఒక లెక్క చొప్పున వేసుకుంటే సెకనుకు 6 కోట్ల 60 లక్షల లెక్కలు. ఒక సెకను బొమ్మలో 7 చుక్కల విండో మొత్తం వెతకడానికి దానికి 26 సెకన్లు పడుతుంది. రెండున్నర గంటల సినిమాకు 65 గంటలు. అదీ ఈ ఒక్క మెట్టుకే. కుదింపులో మిగతా పనులు వేరే ఉన్నాయి.

అన్ని చోట్లా వెతక్కుండా సరైన చోటు పట్టుకోవడం ఎలా అన్న ఆలోచన అంతకు పన్నెండేళ్ల ముందే మొదలైంది. 1981లో జస్వంత్ జైన్, అనిల్ జైన్ ఒక దారి చూపారు. అదే ఏడాది కోగా, ఆయన సహచరులు వీడియో కాన్ఫరెన్సుల కోసం త్రీ స్టెప్ సెర్చ్‌ను ప్రతిపాదించారు. అది ఇలా నడుస్తుంది. మొదట నడిమధ్య చోటు, దానికి 4 చుక్కల దూరంలో ఎనిమిది దిక్కుల్లో ఎనిమిది చోట్లు, మొత్తం తొమ్మిదింటిలో సాడ్ కడతారు. అన్నింటికన్నా తక్కువ వచ్చిన చోటును కొత్త నడిమధ్యగా తీసుకుని 2 చుక్కల దూరంలో ఎనిమిది చూస్తారు. మళ్లీ తక్కువ వచ్చిన చోటు నుంచి 1 చుక్క దూరంలో ఎనిమిది. అంతటితో సరి. 225 చోట్లకు బదులు 25. సెకనుకు పని 19 కోట్లకు దిగింది. ఆ పెంటియమ్ మీదే 65 గంటల సినిమా 7 గంటల చిల్లరలో అయిపోతుంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయ్యే పని.

1985లో మరో పద్ధతి వచ్చింది. ఆర్. శ్రీనివాసన్‌తో కలిసి దాన్ని ప్రచురించినవారు అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో ఆచార్యుడిగా పనిచేసిన కామిశెట్టి రామమోహనరావు. కె.ఆర్. రావుగా ఈ రంగంలో అందరికీ తెలిసిన తెలుగువారు. 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్‌లతో కలిసి ఆయన వెలువరించిన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ లేకపోతే ఇవాళ్టి జేపెగ్ ఫొటో లేదు, ఎంపెగ్ వీడియో లేదు. తెలుగు పాఠకుల్లో ఆయన పేరు తెలియాల్సినంతగా తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది. ఆ 1985 పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. ముందు అడ్డంగా అటొకటి ఇటొకటి చూడు. ఏ వైపు సాడ్ తగ్గితే ఆ వైపు ఒక్కో చుక్క నడువు. తగ్గడం ఆగిన చోట ఆగి, అక్కడి నుంచి నిలువుగా అదే పని చెయ్యి. మన నాలుగు చుక్కల ఉదాహరణలో అడ్డం నడక ఇలాగే సాగుతుంది. నడుమ 202, ఎడమ 134, కుడి 152. ఎడమే తక్కువ కాబట్టి అటు నడిస్తే 6, ఆ తర్వాత 136. కాబట్టి 6 దగ్గర ఆగాం. ఏడు చోట్లలో ఐదు చూస్తే పని అయిపోయింది.

అయితే అదే ఉదాహరణలో కుడివైపు పూర్తిగా చూస్తే ఈ పద్ధతులన్నింటి బలహీనతా బయటపడుతుంది. కుడికి ఒక చుక్క 152, రెండు 148, మూడు 151. అంటే కుడివైపు కూడా ఒక చిన్న గుంట ఉంది, దాని అడుగు 148. ఏ కారణంగానో వెతుకులాట మొదట కుడికి మళ్లి ఉంటే ఆ 148 దగ్గరే ఆగి, ఇదే దొరికిందని చెప్పేసేది. అసలు జవాబు 6 నాలుగు చుక్కల అవతలే ఉన్నా దానికి తెలియదు. కళ్లకు గంతలు కట్టుకుని వాలు దిగుతూ వెళ్లేవాడికి మొదట తగిలిన గుంటే లోయ అనిపించినట్టు. అడుగు దగ్గరయ్యేకొద్దీ సాడ్ తగ్గుతూనే పోతుందన్న నమ్మకం మీదే త్రీ స్టెప్ కూడా నిలబడింది. మెల్లగా వెలుతురు మారే ముఖం మీద ఆ నమ్మకం నిజమవుతుంది. ఇనుప ఊచల గేటు మీదో, గళ్ల చీర మీదో తప్పుతుంది. అక్కడ ఒకే నమూనా మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి గుంటలు చాలా ఉంటాయి.

త్రీ స్టెప్‌కు ఇంకో లోపం ఉంది. మామూలు వీడియోలో ఎక్కువ బ్లాకులు కదలనే కదలవు, కదిలినా ఒకటి రెండు చుక్కలే. మొదటి అడుగే 4 చుక్కల దూరం వేసే పద్ధతి సరిగ్గా ఆ బ్లాకుల దగ్గరే పక్కదారి పట్టవచ్చు. 2000లో షాన్ జూ, కై-క్వాంగ్ మా ప్రచురించిన డైమండ్ సెర్చ్ నడిమధ్యకు దగ్గరగా, వజ్రం ఆకారంలో తొమ్మిది చోట్లతో మొదలవుతుంది. నడుమ ఉన్నదే మేలైతే పక్కనున్న మరో నాలుగు చూసి ఆపేస్తుంది. కదలని బ్లాకు 13 చోట్లతో తేలిపోతుంది. కదిలేదైతే వజ్రం దానితోపాటు నడుస్తుంది.

జవాబులో రవ్వంత కూడా రాజీ పడకుండా పని తగ్గించే ఉపాయం ఒకటుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. సాడ్ కూడుతూ పోయేది, తగ్గేది కాదు. ఇప్పటిదాకా దొరికిన మేలైన చోటు సాడ్ 900 అనుకుందాం. కొత్త చోట పదహారు వరసల్లో ఐదో వరసకే మొత్తం 900 దాటితే మిగతా పదకొండు వరసలు కూడనక్కర్లేదు. ఆ చోటు ఎలాగూ గెలవదు. జవాబు మాత్రం అన్ని చోట్లా పూర్తిగా వెతికినప్పుడు వచ్చేదే వస్తుంది. మంచి చోటు ఎంత ముందు దొరికితే అంత ఆదా. అందుకే పక్క బ్లాకు ఎటు కదిలిందో అటే మొదట చూస్తారు. చేతులు, కార్లు, కెమెరా చూపు ఒక్క బ్లాకుతో ఆగవు కదా, పక్కది కూడా అటే కదిలి ఉంటుంది.

చిప్పులు చేసేవాళ్లు కూడా ఈ లెక్కను పట్టించుకున్నారు. 1999లో వచ్చిన పెంటియమ్ 3లో `PSADBW` అనే ఆదేశం చేర్చారు. ఎనిమిది చుక్కల జతలకు తేడా తీయడం, గుర్తు తీసేయడం, కూడటం అన్నీ ఆ ఒక్క ఆదేశంలో జరుగుతాయి. 256 చుక్కల బ్లాకుకు 768 లెక్కల చోట ఇలాంటివి 32 చాలు, వాటి ఫలితాలను కలపడం అదనం. 1920 చుక్కల వెడల్పున్న ఫుల్ హెచ్‌డీ బొమ్మకు ఇలాంటి సాయం లేకుండా కుదరదు. అందులో 8,160 బ్లాకులుంటాయి. అన్ని వైపులా 64 చుక్కలు పూర్తిగా వెతికితే ఒక్క ఫ్రేముకే 10 వేల కోట్ల లెక్కలు దాటుతాయి.

సాడ్ తక్కువగా ఉన్నంత మాత్రాన ఆ చోటు మంచిదని కూడా అనుకోకూడదు. ఖాళీ నీలాకాశాన్ని తీసుకోండి. ఎక్కడ పోల్చినా తేడా దాదాపు ఒకటే. కెమెరాలో ఉండే కాస్తంత గింజ వల్ల ఒక బ్లాకుకు ఎడమ, పక్కదానికి పైన, ఆ పక్కదానికి కింద గెలుస్తాయి. వెక్టర్లన్నీ చెల్లాచెదురవుతాయి. వెక్టరు రాయడానికీ బిట్లు ఖర్చవుతాయి. పక్క బ్లాకు వెక్టరుతో ఉన్న తేడానే రాస్తారు కాబట్టి అందరూ ఒకే దిక్కుకు పోతే ఖర్చు తక్కువ, తలా ఒక దిక్కైతే ఎక్కువ. అందుకని మంచి ఎన్‌కోడర్లు సాడ్‌కు వెక్టరు బిట్ల ఖర్చును కూడా కలిపి చూస్తాయి. సాడ్‌లో పది పదిహేను ఆదా చేసి బిట్లలో అంతకంటే ఎక్కువ పోగొట్టే చోటును అప్పుడు ఎంచుకోవు.

వెలుతురు మారడం మరో చిక్కు. సీను మెల్లగా చీకటవుతూ ప్రతి చుక్కా 10 తగ్గిందనుకోండి. బ్లాకు కదలకపోయినా ఉన్న చోట సాడ్ 2,560 వస్తుంది. పక్కనున్న కాస్త చీకటి ముక్క దానికన్నా తక్కువ చూపించవచ్చు. అప్పుడు కదలని గోడకు కదలిక అంటగట్టినట్టవుతుంది. తర్వాత వచ్చిన హెచ్.264లో పాత ముక్క వెలుతురును ముందే తగ్గించి పోల్చే వీలు కల్పించారు.

వెతుకులాట ఎక్కడ తప్పిందో మీరే చూడవచ్చు. కంప్యూటర్లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉంటే, హెచ్.264లో ఉన్న ఏ వీడియో మీదైనా ఈ ఆదేశం నడపండి:

```
ffmpeg -flags2 +export_mvs -i input.mp4 -vf codecview=mv=pf+bf+bb output.mp4
```

బొమ్మ మీద బాణాలు గీసిన కొత్త వీడియో వస్తుంది. బాణాలన్నీ ఒకే వైపు వరసగా ఉంటే కెమెరా కదులుతోందని అర్థం. నడిచే మనిషి మీద బాణాలు అతనితోపాటు ఉంటే వెతుకులాట బాగా సాగింది. ఆకాశంలోనో తెల్లగోడ మీదో అడ్డదిడ్డంగా ఉంటే అక్కడ గింజే గెలిచింది. వేగంగా పోయే వస్తువు మీద బాణాలు అసలు లేకపోతే ఎన్‌కోడరుకు అది పాత ఫ్రేములో దొరకలేదు, ఆ ముక్కను కొత్తగా గీసుకుంది. కొత్తగా గీయడానికి బిట్లు ఎక్కువ కావాలి. సెకనుకు ఇన్నే బిట్లన్న కట్టుబాటు ఉన్నప్పుడు అవి చాలక, ఉన్నవాటితోనే మొరటుగా గీయాల్సి వస్తుంది. వీసీడీ ఫైటు సీన్లలో మనం చూసిన గళ్లు ఇవే.

వెతకడం అంతా కుదించేవాడి పని. ప్లేయరు వెతకదు. వెక్టరు చెప్పిన చోట నుంచి ముక్క తెచ్చి చిల్లర తేడాలు కలుపుతుంది, అంతే. ఎంపెగ్ ప్రమాణం కూడా డిస్కులో బిట్లు ఎలా ఉండాలో, ప్లేయరు వాటిని ఎలా చదవాలో చెప్పింది గానీ ఎలా వెతకాలో చెప్పలేదు. అందుకే ఒకే సినిమా రెండు కంపెనీల వీసీడీల్లో ఒకే నిడివితో, ఒకే బిట్లతో ఉండి కూడా ఒకటి బాగా, ఒకటి గళ్లుగళ్లుగా కనిపించగలిగింది.

పెళ్లి వీడియోలు, నాటకాలు, ఊరి జాతరలు కుదించి దాచుకునేవాళ్లకు ఒక మాట. ఎక్స్264 మామూలుగా `me=hex`, `merange=16` తో, అంటే 16 చుక్కల మేర, తేలికపాటి వెతుకులాటతో పనిచేస్తుంది. కోలాటం, డప్పు నృత్యం లాంటి వేగమైన కదలికలున్న వీడియోకు ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆదేశంలో `-x264-params me=umh:merange=24` చేర్చండి. మీ కంప్యూటరు ఇంకాస్త ఎక్కువసేపు పనిచేస్తుంది. ఆ ఖర్చు ఒక్కసారితో పోతుంది. వెతుకులాట పెరిగినందువల్ల చూసేవాళ్ల ఫోను మీద అదనపు బరువు పడదు.